అప్‌డేట్: సీఎంఈ బిట్‌కాయిన్ గ్యాప్‌లు తప్పకుండా నిండుతాయా?

నా ప్రశ్న: అమెరికా ఎక్స్ఛేంజ్ సీఎంఈలోని బిట్‌కాయిన్ ఫ్యూచర్స్ చార్టులో గ్యాప్, అంటే మార్కెట్ మూసిన ధరకూ మళ్లీ తెరిచిన ధరకూ మధ్య ఖాళీ పడితే ధర ఎప్పటికైనా అక్కడికి రావాల్సిందేనా?

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. 2020 జులై గ్యాప్ చూడమన్న మాటతో విషయం తేలిపోయింది, అలా రావాల్సిందేనని ఏమీ లేదు. శుక్రవారం మార్కెట్ మూశాక వారాంతంలో స్పాట్ ధర పెరిగింది, దాంతో ఆదివారం తెరిచేసరికి సుమారు 9,600, 9,900 డాలర్ల మధ్య ఖాళీ మిగిలింది; సెప్టెంబర్‌లో పది వేల దాకా పడినా దాని అడుగు తాకలేదు, 2022 నవంబర్ పతనంలో కూడా స్పాట్ ధర 15 వేల పైనే ఆగింది. చిన్న గ్యాప్‌లు ఎక్కువగా నిండుతున్నాయంటే అందులో మాయేమీ లేదు, రెండు మూడు వందల డాలర్లు అటూఇటూ ఊగడం బిట్‌కాయిన్‌కు మామూలే.

మిగతా సలహాల్లో చార్టు టైమ్‌జోన్ మార్చడం, వాల్యూమ్ ఇండికేటర్ పెట్టడం వల్ల తేడా ఏమీ రాలేదు. ఇంకోటి, నెలనెలా కాంట్రాక్టులను వరుసగా కలిపి చూపించే BTC1! చార్టులో నెలాఖరున కనిపించే ఖాళీ చాలాసార్లు కాంట్రాక్ట్ మారడం వల్ల వచ్చేదే, ఆ నెల కాంట్రాక్ట్‌ను విడిగా తెరిస్తే అది ఉండదు.