రాజ్మాను నేరుగా స్లో కుక్కర్‌లో వేయొచ్చా, ముందు మరగబెట్టాల్సిందేనా?

కొల్లాపూర్ మామిడి:
మటన్ మెడ ముక్కలు, రాత్రంత నానిన ఎర్ర రాజ్మా కలిపి స్లో కుక్కర్‌ల ‘లో’ మీద 8 గంటలు పెడ్దామనుకుంటున్న. మా వదినేమో రాజ్మాను ముందుగాల వేరే గిన్నెల మరగబెట్టాల్నంటది. 8 గంటలు ఉడికేదాన్ని మళ్ల ఉడకబెట్టుడెందుకు? ఆదివారం చుట్టాలొస్తున్నరు, జర చెప్పున్రి.

జడ్చర్ల జంక్షన్:
అవసరం లేదన్నా. రాజ్మాలో ఉండే చెడు అంతా నానబెట్టిన నీళ్లలోకి దిగిపోతుంది. ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు కడిగి వేస్తే చాలు. మటన్ ఉడికే వేడికి గింజ ఉడకదా? మటనే గట్టిది కదా.

వనపర్తి లెక్చరర్:
జడ్చర్ల తమ్ముడు నీళ్లు పారబోయమనడం సరైన సలహానే. కడుపు ఉబ్బరం తెప్పించే చక్కెరలు కొన్ని ఆ నీళ్లతో పోతాయి. కానీ మనల్ని పడగొట్టేది అవి కాదు. రాజ్మా గింజలో లెక్టిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, పూర్తి పేరు ఫైటోహీమాగ్లుటినిన్. నానబెడితే అది కొంత దిగుతుందేమో గానీ చాలావరకు గింజలోనే ఉండిపోతుంది. దాన్ని చంపేది మరిగే నీళ్ల వేడి మాత్రమే.

‘మటన్ ఉడికితే గింజ ఉడకదా’ అన్న మాటలోనే అసలు పొరపాటుంది. మాంసంలో మన భయం సూక్ష్మజీవుల గురించి. కూర నడిమధ్య వేడి 75 డిగ్రీలకు చేరితే అవి చస్తాయి. మెడ ముక్కల్లో, పాయలో ఉండే నరాల్లాంటి గట్టి పదార్థం 70, 80 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంటే మెల్లగా కరిగి జిగురవుతుంది. స్లో కుక్కర్‌లో మటన్ అంత మెత్తగా రావడానికి కారణం అదే. అంటే మాంసానికి తక్కువ వేడి, ఎక్కువ సమయం బ్రహ్మాండంగా పనిచేస్తాయి.

రాజ్మా ప్రొటీన్ వేరే రకం. నాలుగు ముక్కలు గట్టిగా పెనవేసుకుని ఉండే నిర్మాణం దానిది. 100 డిగ్రీల దగ్గర పది నిమిషాల్లో విచ్చుకుపోతుంది, 75 దగ్గర గంటల తరబడి నిలబడుతుంది. పైగా అమెరికా ఎఫ్‌డీఏ చేతిపుస్తకంలో ఒక హెచ్చరిక ఉంది: 80 డిగ్రీల వరకే వేడైన గింజలు పచ్చి గింజలకంటే ఐదు రెట్లు ఎక్కువ విషపూరితం కావచ్చని. స్లో కుక్కర్లలో వండిన కూరల మధ్యలో కొలిస్తే వేడి తరచూ 75 దాటలేదని కూడా అందులోనే రాశారు. మీ ‘లో’ సెట్టింగు కూడా ఆ వేడి దగ్గరే ఆగిపోవచ్చు. మీ వదినగారు చెప్పిందే నిజం.

దేవరకొండ అత్తమ్మ:
ఇవన్ని పుస్తకాల మాటలు బిడ్డా. మా అత్తగారు పిడకల మంట మీద కుండ పెట్టి బొబ్బర్లు, ఉలవలు, అనపగింజలు పొద్దుగూకిందాంక ఉడకవెడుతుండె. ఉలవ గుడాలు తినే పెరిగినం. ఒక్కనికన్న వాంతులయినయా? మెల్లగ ఉడికినదానికున్న రుచి కుక్కర్ల ఏడొస్తది. మీరు రాజ్మా గురించి అడుగుతున్నరా, అన్ని గింజల గురించా? నాకైతే రాజ్మా ఎట్లుంటదో కూడ సరిగ తెల్వదు, మనుమడు హాస్టల్‌ల తిన్నననంటడు.

వనపర్తి లెక్చరర్:
అత్తమ్మా, ఇక్కడ మాట రాజ్మా గురించే. బొబ్బర్లలో ఈ ప్రొటీన్ చాలా తక్కువ, ఎర్ర రాజ్మాలో అన్నిటికంటే ఎక్కువ. తెల్ల రాజ్మాలో దాని మూడో వంతు ఉంటుంది. ఇంకోటి, మీ అత్తగారి కుండ ముందు తెర్లుతుండె కదా? పిడకల మీద మూత ఎగిరేలా మరిగాకే మంట తగ్గించేవాళ్లు. ఆ మొదటి తెర్లుడే పని చేసేసింది. స్లో కుక్కర్ అసలు తెర్లే దశకే పోకపోవచ్చు.

సూర్యాపేట నర్సు:
మేం చూసిన ఒక కేసు చెప్తాను. నలుగురు కుర్రాళ్లు, ఒకే రూము. మల్టీ కుక్కర్‌లో స్లో మోడ్ మీద రాజ్మా పెట్టి కాలేజీకి పోయి, రాత్రి 9 గంటలకు అన్నంలో కలుపుకుని తిన్నారు. 11 కాకముందే నలుగురికీ వాంతులు, తర్వాత విరేచనాలు. జ్వరం ఎవరికీ లేదు. మధ్యాహ్నం బయట తిన్న చికెన్ అనుకుని వచ్చారు. కానీ చికెన్ తిన్నది ఇద్దరే, రాజ్మా తిన్నది నలుగురూ. ఎక్కువ తిన్నవాడికే బాధ ఎక్కువ. సెలైన్ పెట్టాం, తెల్లారేసరికి లేచి కూర్చున్నారు.

ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో మొదలై, మొదలైన మూడు నాలుగు గంటల్లో తగ్గుముఖం పడితే, అదే గిన్నెలో తిన్న అందరికీ వస్తే, గింజల మీద అనుమానం పెట్టాలి. సాల్మొనెల్లా లాంటివి మామూలుగా ఇంత తొందరగా రావు, ఇంత తొందరగా పోవు కూడా. దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు, ఎందుకంటే చంపడానికి క్రిమే లేదు. ఓఆర్ఎస్ తాగించండి. చిన్నపిల్లలు, ముసలివాళ్లు నీళ్లు కూడా నిలుపుకోలేకపోతే ఆలస్యం చేయకుండా తీసుకురండి. మా కుర్రాళ్ల గిన్నెను ఎవరూ ల్యాబ్‌కు పంపలేదు కాబట్టి రాజ్మానే అని ముద్ర వేసి చెప్పలేను. లక్షణాలు మాత్రం అచ్చం అలాగే ఉన్నాయి.

హాలియా ప్రశ్న:
లెక్చరర్ గారూ, ‘ఐదు రెట్లు’ అన్నది అందరూ ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటున్నారు. ఆ కొలత ఎలా తీస్తారు? గింజల రసాన్ని ఎర్ర రక్తకణాల్లో కలిపి, ఎంత పలుచన చేసేదాకా కణాలు గడ్డకడతాయో చూస్తారు. పచ్చి ఎర్ర రాజ్మాలో 20 వేల నుంచి 70 వేల యూనిట్లు, బాగా ఉడికినదాంట్లో 200 నుంచి 400. ఇవి గాజు గొట్టంలో వచ్చే అంకెలు. గొట్టంలో ఐదు రెట్లు పెరిగితే కడుపులో కూడా ఐదు రెట్లు అని ఎలా అంటారు? కారణం చెప్పకుండా భయపెట్టడం నాకు నచ్చదు.

వనపర్తి లెక్చరర్:
న్యాయమైన ప్రశ్న. ఆ యూనిట్లు మనిషి కడుపు కొలత కావు, ఒప్పుకుంటాను. ఎందుకు పెరుగుతుందన్నదానికి నాకు సబబుగా తోచే వివరణ ఒకటుంది. గోరువెచ్చగా వేడయ్యేకొద్దీ గింజ ఉబ్బి, కణాల గోడలు వదులై, ఇంకా చెడని ప్రొటీన్ రసంలోకి సులువుగా వచ్చేస్తుంది. పచ్చి గింజలో అది లోపల బిగుసుకుని ఉంటుంది. దీన్ని చివరి మాటగా తీసుకోమని నేననను. ఐదు రెట్ల అంకెను కూడా పక్కనపెట్టండి, నాకు అభ్యంతరం లేదు.

అంకె తీసేసినా ప్రమాదం పోదు. నాలుగైదు పచ్చి గింజలతోనే మనుషులకు వాంతులు వచ్చిన సందర్భాలున్నాయి. బ్రిటన్‌లో 1976 నుంచి 1989 దాకా ఇలాంటివని అనుమానించిన సంఘటనలు 50 దాకా నమోదయ్యాయి. జపాన్‌లో 2006లో బరువు తగ్గుతారని ఒక టీవీ కార్యక్రమం తెల్ల రాజ్మాను కాసేపు వేయించి పొడి చేసి తినమంటే, చూసినవాళ్లలో చాలామంది ఆస్పత్రుల పాలయ్యారు. తెల్ల గింజ, అందులో విషం తక్కువ, అయినా పొడి వేడి సరిపోలేదు. మరొకటి, పచ్చి గింజను ఎవరూ గిన్నెడు తినలేరు, పంటికి ఆనదు. సగం ఉడికినదైతే మెత్తగా, మసాలా పట్టి, రుచిగా ఉంటుంది కాబట్టి కడుపునిండా తింటారు. ఐదు రెట్లు కాకున్నా, ఒక్క రెట్టే అయినా, లోపలికి వెళ్లే మోతాదు అక్కడ పెరుగుతుంది.

హాలియా ప్రశ్న:
మోతాదు మాట ఒప్పుకుంటా. అయితే ‘హై’ మీద పెడితే? కొన్ని కుక్కర్లు ‘హై’లో తెర్లుతాయి. అప్పుడు వేరే గిన్నె ఎందుకు?

మిర్యాలగూడ కరెంటాయన:
ఇక్కడ నేనొక మాట చెప్పాలె. కుక్కర్ మీద ‘లో’, ‘హై’ అని రాసుంటది గానీ ఎన్ని డిగ్రీలో రాసుండదు. చౌక రకాల్ల థర్మోస్టాట్ ఉండదు, లోపల ఒక కాయిల్ మాత్రమే. 230 వోల్టులకు తయారుచేసిన కాయిల్ అది. మా దిక్కు ఊర్లల్ల మోటర్లు నడిచేటప్పుడు 180కి పడిపోవుడు కొత్తేం గాదు. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజి వర్గం లెక్కన తగ్గుతది. 180ని 230తోటి భాగిస్తే 0.78, దాని వర్గం 0.61. అంటే వేడి 61 శాతానికి దిగింది.

గది 30 డిగ్రీలు, నిండు వోల్టేజిల కూర 95 దాంక పోతదనుకో. గదికంటే 65 ఎక్కువ. అండ్ల 61 శాతమంటే 40. అంటే కూర 70 దగ్గరే ఆగిపోతది. మూతకింద ఆవిరి, గిన్నె మందం వల్ల లెక్క అటుఇటు అయితది గానీ, దిక్కు మాత్రం ఇదే. మటన్ 70 దగ్గర కూడ మెల్లగ మెత్తబడుతది. రాజ్మాకు గదే పాడు జాగ.

మీ కుక్కర్‌ను చూసుకోవాల్నంటే సగానికి పైన నీళ్లు పోసి, మూత పెట్టి, ‘లో’ మీద 8 గంటలు ఉంచున్రి. మూత తీసిన వెంటనే వంట థర్మామీటర్ నీళ్ల నడుమ ముంచున్రి. 85కి తక్కువుంటే ఆ కుక్కర్‌ల మాంసం కూడ వండకున్రి, వేడెక్కేదాంక క్రిములు పెరిగే జాగల శానసేపు ఉంటది. కరెంటు తక్కువొచ్చే టైంల కొలవాలె, పొద్దుగాల కొలిస్తే మోసపోతరు.

వనపర్తి లెక్చరర్:
కరెంటాయన లెక్క నాకు చాలా నచ్చింది. హాలియా గారి ‘హై’ ప్రశ్నకు జవాబు కూడా అదే. కళ్లతో చూసినప్పుడు గింజలు పైకీ కిందికీ దొర్లుతూ పది నిమిషాలు తెర్లితే సరే. కానీ అది చూడాలంటే మూత తీయాలి, తీస్తే వేడి పోతుంది. నేనైతే ‘హై’ని నమ్మి తినను.

మామిడి గారూ, ఆదివారానికి ఇలా చేయండి. పావుకిలో రాజ్మాను శనివారం రాత్రి నానబెట్టండి, 5 గంటలకు తగ్గకూడదు. పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు గింజలకు నాలుగు వేళ్ల ఎత్తున పోసి, మూత లేకుండా పెద్ద మంట మీద పెట్టండి. తెర్లడం మొదలైన క్షణం నుంచి లెక్క, పొయ్యి వెలిగించినప్పటి నుంచి కాదు. పది నిమిషాలు కనీసం. నేను అరగంట ఉంచుతాను, మన దగ్గర నీళ్లు 100కు ఒకటి రెండు డిగ్రీల ముందే తెర్లుతాయి, పైగా లావు గింజ నడిమధ్యకు వేడి పోవడానికి టైం పడుతుంది. ఆ నీళ్లు కూడా వంచేయండి. అప్పుడు గింజలను మటన్‌తో కలిపి స్లో కుక్కర్‌లో వేయండి. చింతపండు, టమాట మాత్రం చివరి గంటలోనే. పులుపు ముందే పడితే గింజ గట్టిగానే ఉండిపోతుంది. మటన్ ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డలా వేయకండి.

ప్రెషర్ కుక్కరే వాడితే ఈ గొడవే లేదు, లోపల 115 నుంచి 120 డిగ్రీల దాకా పోతుంది.

జడ్చర్ల జంక్షన్:
గింజ వేలితో నలిపితే పిండైతే ఉడికినట్టే కదా సార్? ఇన్నాళ్లూ మేం చూసేది అదే.

వనపర్తి లెక్చరర్:
నలగకపోతే ఉడకలేదని ఖాయంగా చెప్పొచ్చు. నలిగినంత మాత్రాన విషం పోయిందని చెప్పలేం. మెత్తబడడం వేరు, ఆ ప్రొటీన్ విరగడం వేరు. వాసనలో, రుచిలో కూడా తేడా తెలియదు.

దేవరకొండ అత్తమ్మ:
మరి డబ్బాల దొరికే రాజ్మా? మనుమడు అదే తెస్తనంటున్నడు.

సూర్యాపేట నర్సు:
అది ఫ్యాక్టరీలో డబ్బాలోనే ఎక్కువ వేడి మీద ఉడికి వస్తుంది అత్తమ్మా. కడిగి నేరుగా వేసుకోవచ్చు.

కొల్లాపూర్ మామిడి:
వదినకు ఈ ముచ్చట చూపించిన. రాజ్మా వేరేగ తెర్లబెడుత. నేను వోల్టేజి కూడ కొలుస్త, మా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ మీదనే ఉన్నం. మటన్ రసంల గింజ మొదటి నుంచి ఉడికితేనే రుచి పడుతదన్న మాట మాత్రం నేనింక వదులుకోలే, అరగంట తెర్లినంక గింజకు రసం పడుతదా పట్టదా, వండినోళ్లెవరన్న చెప్పున్రి.

హాలియా ప్రశ్న:
పడుతుంది. అరగంటలో సగం కూడా మెత్తబడదు, మిగతా ఏడు గంటలూ తాగుతూనే ఉంటుంది. మెడ ముక్కలకు ఉప్పు మాత్రం ముందే పట్టించండి.