‘బాయిల్’ అన్న మాటకు నిఘంటువులో ఏ అర్థం తీసుకోవాలి?

అనంతపురం అనువాదకురాలు:
మా దగ్గర పనిచేసే ఆరోగ్య కార్యకర్తల కోసం రెండు పేజీల ఇంగ్లీషు కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. చర్మం మీద లేచే గడ్డల గురించి. అందులో ‘బాయిల్’ అనే మాట మూడు చోట్ల వచ్చింది. మొదటిది “బాయిల్స్ షుడ్ నాట్ బి స్క్వీజ్డ్”. రెండోది “బాయిల్ ద క్లాత్స్ ఫర్ టెన్ మినిట్స్”. మూడోది “బ్రింగ్ ద వాటర్ టు ఎ బాయిల్”. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీస్తే ముందుగా ‘మరుగు’ కనబడింది. మూడు చోట్లా అదే వాడాను.

రాసింది ఒక నర్సు గారికి చూపిస్తే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. “మరిగేవాటిని నొక్కరాదు అంటే ఏంటమ్మా?” అన్నారు. రెండోది “గుడ్డలను పది నిమిషాలు మరగండి” అని రాశాను. అది కూడా ఎబ్బెట్టుగానే ఉంది, కానీ ఎందుకో చెప్పలేకపోతున్నాను. మీరు నిఘంటువు తెరిస్తే ముందు ఏం చూస్తారు?

బెజవాడ కుర్రాడు:
అక్కా, అర్థం కంటే ముందు మాట పక్కన ఉండే చిన్న అక్షరం చూడాలి. ‘ఎన్’ ఉంటే నామవాచకం, ‘వీ’ ఉంటే క్రియ. మీ మొదటి వాక్యంలో బాయిల్స్ నామవాచకం, అంటే సెగగడ్డలు. మిగతావి క్రియలు, కాబట్టి మరుగు. అంతే, టెన్షన్ పడకండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
మొదటి వాక్యం విషయంలో బాబు చెప్పింది సరే. చివర ‘ఎస్’ చూసి “ఇట్ బాయిల్స్” లాంటి క్రియ అనుకునే ప్రమాదం అక్కడ ఉంది. కానీ తర్వాత ‘షుడ్’ వచ్చింది కనుక దాని ముందున్నది కర్త, అంటే నామవాచకమే. మూడో వాక్యం మళ్లీ చూడండి. “టు ఎ బాయిల్” అన్నారు. ‘ఎ’ తర్వాత వచ్చింది కనుక అదీ నామవాచకమే. అంటే బాబు పద్ధతిలో “నీళ్లను సెగగడ్డకు తీసుకురండి” అని రాయాలి.

మంచి ఇంగ్లీషు నిఘంటువుల్లో ఈ మాట రెండు వేరు వేరు పదాలుగా ఉంటుంది. ఒక్కోదాని భుజం మీద 1, 2 అని చిన్న అంకె వేస్తారు. మరగడానికి సంబంధించినది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. గడ్డ అనే అర్థం ఉన్నది పాత ఇంగ్లీషు మాటే. ఉచ్చారణ కలిసిపోయింది, అంతే తప్ప వాటికి చుట్టరికం లేదు. మరిగే ‘బాయిల్’ కింద క్రియ ఉంది, నామవాచకమూ ఉంది. గడ్డ ‘బాయిల్’ నామవాచకం. అందువల్ల ‘ఎన్’ ఒక్కటే చూసి ఆగితే రెండు గదుల్లో ఏ గదిలోకి వెళ్లాలో తెలియదు. ఆ పని చేసేది కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం. “బ్రింగ్ టు ద బాయిల్” అన్న ప్రయోగం మొదటి పదం కింద కనబడుతుంది, రెండో దాని కింద కనబడదు.

డాలస్ అమ్మ:
మా ఇంట్లోనూ ఇదే గొడవ. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, తెలుగు నేర్చుకుంటున్నాడు. ‘మరుగుదొడ్డి’ కనబడితే విడివిడిగా వెతికి “నీళ్లు కాచుకునే పెరడు” అని రాశాడు. ఇది కూడా అలాంటిదేనా? లేక పిల్లలకు నిఘంటువు ఇవ్వడమే తొందరపాటా?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మా, మీరడిగింది తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లే దారి, ఆమెది ఇటు వచ్చే దారి. కానీ గుంట ఒకటే. ‘మరుగు’ నామవాచకమైతే చాటు, కనబడకుండా ఉండే చోటు. “మరుగున పడింది” అంటాం చూడండి. క్రియ అయితే నీళ్లు మరగడం. “రుచి మరిగిన పిల్లి”లో అలవాటు పడటం. సమాసంలో ముందు భాగంగా వచ్చింది కనుక మీ అబ్బాయి నామవాచకం వరుస చూసి ఉంటే సరిపోయేది. నిఘంటువు ఇవ్వండి, పక్కన కూర్చుని మూడు వరుసలూ చదివించండి.

బెజవాడ కుర్రాడు:
మాస్టారూ, ఇప్పుడే శబ్దరత్నాకరంలో చూశాను. తెలుగు మాటల పక్కన చాలా చోట్ల ‘వి.’ అని ఉంది. అంటే వెర్బ్ కదా? చాటు అనే అర్థం పక్కనా ‘వి.’ ఎందుకుంది?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అక్కడే చాలామంది పడతారు నాయనా. 1885 నాటి ఆ పుస్తకంలో ‘వి.’ అంటే విశేష్యం, అంటే మనం బడిలో నామవాచకం అన్నదే. ‘విణ.’ అంటే విశేషణం. ‘దే.’ అంటే దేశ్యం. ఇంగ్లీషు ‘వీ’కీ దానికీ అర్థం సరిగ్గా తలకిందులు. ఏ నిఘంటువైనా ముందు పేజీల్లో సంకేతాల పట్టిక ఇస్తుంది. అది చూడకుండా ఊహిస్తే ఇలాగే అవుతుంది.

బ్రౌణ్యంలో ఇంకో చిక్కు ఉంది. 1852లో అచ్చైన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో ‘వీ’ పక్కన ‘ఎన్’ ఉంటుంది. దాన్ని క్రియ కావచ్చు, నామవాచకం కావచ్చు అని చదివినవాళ్లను చూశాను. ఆ ‘ఎన్’ న్యూటర్ అనే మాటకు పొడి అక్షరం. అకర్మక క్రియ అని చెప్పడం. ‘వీ ఏ’ అని ఉంటే సకర్మకం. ఇప్పటి పుస్తకాలు అదే సంగతిని ‘వీ ఐ’, ‘వీ టీ’ అని రాస్తాయి. 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు అలాగే రాసింది.

అనంతపురం అనువాదకురాలు:
అకర్మకం, సకర్మకం అనగానే నా రెండో వాక్యం గుర్తొచ్చింది. “గుడ్డలను మరగండి” తప్పు అందుకేనా?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అందుకే. ‘మరుగు’ తనంతట తాను జరిగే పని. నీళ్లు మరుగుతాయి. దానికి “గుడ్డలను” అనే కర్మ తగిలిస్తే వాక్యం నిలబడదు. “మరగండి” అని చదివినవాడిని నువ్వే మరుగు అన్నట్టు అవుతుంది. ఇంగ్లీషులో “ద వాటర్ ఈజ్ బాయిలింగ్”, “బాయిల్ ద వాటర్” రెంటికీ ఒకే రూపం సరిపోతుంది. తెలుగులో చేయించే పనికి రూపం మారాలి. మరుగు-మరిగించు, ఉడుకు-ఉడికించు, కాగు-కాచు. నిఘంటువులో ‘మరుగు’ కనబడగానే తీసుకోకుండా, మీ ఇంగ్లీషు వాక్యంలో క్రియకు కర్మ ఉందా అని చూడండి. ఉంటే ‘వీ టీ’ వరుసలో ఉన్న మాటే తీసుకోవాలి. ఆ వరుసలో తెలుగు మాట సరైన రూపంలో లేకపోతే మీరే మార్చుకోవాలి. చిన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు చాలావరకు అర్థాలను కామాలతో వరసగా గుచ్చేస్తాయి, ఏది దేనికో చెప్పవు.

వరంగల్ వంటమ్మ:
ఉండండి, గుడ్డలు మరిగించడం ఏంటి? నీళ్లు మరుగుతయి, గుడ్డలు ఉడుకుతయి. అన్నం కుతకుత ఉడుకుతది. నూనె సలసల కాగుతది. పాలు కాగినంక పొంగుతయి. మా దిక్కు ఎసరు మసులుతది అంటం, తెర్లుతది అని కూడా అంటం. గుడ్డు ఉడకబెడ్తం, ఎవరూ గుడ్డు మరిగించరు. ఇంగ్లీషోళ్లకు అన్నిటికీ ఒక్కటే మాట ఉంటే మనం ఎందుకు ఒక్కటే రాయాలె?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
నేను చెప్పడం మరిచింది మీరు చెప్పారమ్మా. సకర్మకమని తేలాక కూడా పని సగమే అయింది. ఆ కర్మ ఏమిటో చూడాలి. ఉదాహరణ వాక్యాల్లో క్రియ పక్కన గుడ్డు, బంగాళాదుంప, బియ్యం ఉంటే ‘ఉడికించు’. నీళ్లుంటే ‘మరిగించు’ లేదా ‘కాచు’. పాలుంటే ‘కాచు’. ఇంగ్లీషులో “ద కెటిల్ ఈజ్ బాయిలింగ్” అని కూడా అంటారు. మనకు గిన్నె మరగదు, అందులో ఉన్న నీళ్లే మరుగుతాయి. అలాంటి చోట మాటను కాకుండా వాక్యాన్నే మార్చాలి.

బెజవాడ కుర్రాడు:
మరి “బాయిల్స్ డౌన్ టు”? అదీ వీ ఐ అనే ఉంది.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
దానికి మరగడంతో పని లేదు. “చివరికి తేలేది ఏమిటంటే” అనాలి. క్రియ తర్వాత వచ్చే చిన్న మాటను కలిపి చదివితేనే అది దొరుకుతుంది. సాధారణంగా అలాంటి పలుకుబళ్లు ఆ పదం చివర్లో విడిగా ఉంటాయి. మొదటి రెండు అర్థాలు చదివి పుస్తకం మూసేవాళ్లకు అవి కనబడవు.

అనంతపురం అనువాదకురాలు:
ఇప్పుడు మూడూ మళ్లీ రాశాను. “సెగగడ్డలను నొక్కకూడదు.” “గుడ్డలను మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉడికించండి.” “నీళ్లను కాచండి.” మొదటిదానికి ముందు ‘గడ్డలు’ అని రాసి, వెనక్కి తెలుగు-ఇంగ్లీషులో వెతికాను. ముద్ద, దుంప, కణితి, సెగగడ్డ, ఇన్ని వచ్చాయి. కణితి అనుకుని భయపడతారని ‘సెగగడ్డ’ ఉంచాను.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
వెనక్కి వెతకడం చాలా మంచి పని. ఎంచుకున్న తెలుగు మాటను అటునుంచి చూస్తే, అది మన వాక్యంలో ఇంకే అర్థం పట్టుకొస్తుందో బయటపడుతుంది.

అదే పని మూడో వాక్యానికీ చేయండి. ‘కాచు’ను వెతికితే వేడిచేయడంతో పాటు కాపలా కాయడమూ వస్తుంది. కాపలా సంగతి వాక్యమే తేల్చేస్తుంది కాబట్టి భయం లేదు. కానీ వేడిచేయడం అన్నదాన్నే జాగ్రత్తగా చూడండి. స్నానానికి నీళ్లు కాస్తాం. అవి మరగవు. కరపత్రం చెప్పేది మరిగేదాకా తీసుకురమ్మని. తాగే నీళ్లను శుద్ధి చేయడానికి, పెద్ద పెద్ద బుడగలతో కళపెళ మరగడం మొదలయ్యాక కనీసం 1 నిమిషం అలాగే ఉంచాలని వైద్యులు చెబుతారు. మీరు గుడ్డలకు వాడే నీళ్లయినా మరగాల్సిందే. నేనైతే “నీళ్లు మరిగేదాకా కాచండి” అని రాస్తాను.

వరంగల్ వంటమ్మ:
సార్, దవాఖానాలో మొదటి నుంచీ “కాచి చల్లార్చిన నీళ్లు తాగండి” అనే చెప్తరు. అందరికీ అర్థమవుతనే ఉంది. మీరు దాన్ని తప్పంటరా?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
తప్పనలేదమ్మా. ఆ వాడుక నిలదొక్కుకుంది. కానీ అది విన్నవాళ్లందరూ మరిగేదాకా కాస్తున్నారని నమ్మకంగా చెప్పలేను. “చల్లార్చిన” అనే మాట వల్ల బాగా వేడెక్కాలని తెలుస్తుంది, అంతవరకే.

డాలస్ అమ్మ:
మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు, ఇప్పుడే అడిగాను. ఆవిడది తెనాలి. “కాచిన నీళ్లంటే వేలు పెడితే చురుక్కుమనాలి” అన్నారు. మరగాలా అంటే, “తాగడానికైతే మరగాలి, స్నానానికైతే అక్కర్లేదు” అన్నారు.

వరంగల్ వంటమ్మ:
మా అమ్మ దగ్గర కూడా అడుగుత. ఆమెకు కాచుడు, మసులుడు ఒకటి కాదని నాకు అనుమానం.

అనంతపురం అనువాదకురాలు:
అయితే కరపత్రంలో ప్రస్తుతానికి “నీళ్లు కళపెళ మరిగేదాకా కాచండి” అని పెడుతున్నాను. నర్సు గారు బుధవారం మళ్లీ చదువుతారు. ఈసారి అర్థమైందా అని అడగను. నీళ్లు ఎలా కనబడే వరకు పొయ్యి మీద ఉంచుతారో చెప్పమని అడుగుతాను.