అప్‌డేట్: పాపను ఎత్తినప్పుడు బొటనవేలి వైపు మణికట్టు నొప్పి, కారణం తెలిసింది

నా పాత ప్రశ్న: “మూడు నెలల పాపను చంకల కింద చేతులు వేసి ఎత్తుతుంటే కుడి మణికట్టులో బొటనవేలి వైపు చురుక్కుమంటోంది. ఎక్స్‌రే తీయించాలా?”

అవసరం పడలేదు. బొటనవేలిని చాచే రెండు టెండాన్లు మణికట్టు అంచున ఒక ఇరుకైన తొడుగులోంచి జారుతాయని, ఆ తొడుగు మందమెక్కి అవి ఒరుసుకోవడమే డీక్వెర్వెయిన్ టీనోసైనోవైటిస్ అని ఎముకల వైద్యురాలు చేత్తో పరీక్షించే తేల్చారు.

ముందుగా బొటనవేలి వైపు ముంజేతి ఎముక చివరి బొడిపెపై వేలికొనతో నొక్కితే ప్రాణం విలవిల్లాడింది. బొటనవేలి మొదటి కీలును నొక్కి తిప్పినా నొప్పి లేదు కనుక కీలు అరుగుదల కాదన్నారు. తిమ్మిరి లేనందున నరం సంగతీ పక్కన పెట్టారు. తర్వాత నా బొటనవేలిని పట్టుకుని చిటికెన వేలి దిశగా మెల్లగా లాగగానే, పాపను ఎత్తేటప్పటి నొప్పే అక్షరాలా తిరిగి వచ్చింది. ఎడమ చేతికి అలా రాలేదు.

ఇక్కడ కొందరు సూచించినట్టు బొటనవేలిని పిడికిట్లో మూసి మణికట్టు వంచి చూసుకున్నప్పుడు నా బాగున్న చేయి కూడా కొంత లాగింది. ఆరోగ్యంగా ఉన్నవారికీ అలా అవుతుందట, కాబట్టి ఆ ఒక్కదాన్నే నమ్మి భయపడనక్కర్లేదు.

బొటనవేలిని వదిలేసి కట్టుకున్న క్రేప్ బ్యాండేజీ వృథా. బొటనవేలిని కూడా కదలనివ్వని స్ప్లింటు, అరచేతులు పైకి పెట్టి పాపను కింది నుంచి ఎత్తుకోమన్న సలహా పనిచేశాయి. ఆరు వారాలకు నొప్పి పోయింది, ఇంజెక్షన్ దాకా వెళ్లలేదు.