టెంపురా పిండిలో ఉండలు ఉంచాలా, చిదిమేయాలా?

గోదారిగట్టు: రొయ్యల టెంపురా చేశాను. ఐసునీళ్లే పోసి, ఒక్క ఉండ కూడా లేకుండా చిలికాను. ఎనిమిది రొయ్యలు ఒకేసారి వేయించాను. రెండు నిమిషాలకే పూత మెత్తబడి సాగింది. ఉండలు ఉంచాలంటారు కొందరు. అది వంట రానివారి సాకు కాదా?

ఒసాకా వంటిల్లు: దెబ్బతీసింది మీ చిలకడమే. తడిసిన మైదాను కలిపేకొద్దీ జిగట పుడుతుంది. చపాతీకి కావలసింది అదే, ఇక్కడ వద్దనుకునేదీ అదే. చల్లటి నీళ్లు దాన్ని నెమ్మదింపజేస్తాయి, ఆపలేవు. నేను గిలక్కొట్టిన గుడ్డులో ఐసునీళ్లు పోసి మొత్తం 200 మి.లీ. చేస్తాను. జల్లించిన పిండి 100 గ్రాములు ఒక్కసారే వేసి, చాప్‌స్టిక్స్‌తో పది పన్నెండు సార్లు పొడిచినట్టు కలిపి ఆపేస్తాను. అంచుల్లో పొడిపిండి కనిపించినా ముట్టుకోను. ఇక్కడ జపాన్‌లో మాంసకృత్తులు తక్కువుండే హకురికికో పిండి దొరుకుతుంది. మీరు మైదాలో ఐదో వంతు తీసి కార్న్‌ఫ్లోర్ కలపండి.

మిరపబజ్జీ: మా అమ్మ బజ్జీ పిండిలో ఉండ కనిపిస్తే గరిటె తీసుకునేది! ఉండ ఉంటే పచ్చి వాసన రాదూ?

ఒసాకా వంటిల్లు: అమ్మగారిది సరైన పనే. శనగపిండిలో ఆ జిగటనిచ్చే గ్లూటెన్ ఉండదు, ఎంత గిలకొట్టినా సాగదు. ఆ సూత్రం మైదాకు తేవద్దు.

లెక్కలమాస్టారు: ఉండల్లో గాలి ఉంటుంది, అదే పూతను పొంగిస్తుంది. కాబట్టి ఎంత పెద్ద ఉండ ఉంటే అంత మంచిది.

ఒసాకా వంటిల్లు: మాస్టారూ, సగం ఒప్పుకుంటాను. ఉండ ఉంటే మేలే, కానీ లోపల ఉన్నది ప్రధానంగా తడవని పిండి. పూత ఒకచోట పలచగా, ఒకచోట మందంగా పడి ముళ్లుముళ్లుగా వేగుతుంది. శనగగింజను మించిన ఉండను మాత్రం చిదమాలి, లేకపోతే పచ్చిపిండి నోటికి తగులుతుంది.

చల్లనిసోడా: నేను చల్లటి సోడాతో ఉండలు లేకుండా గబగబా కలుపుతాను. కరకరలాడుతుంది. అంటే ఉండ కారణం కాదు, తక్కువ కలిపామనడానికి గుర్తు మాత్రమే.

ఒసాకా వంటిల్లు: చాలావరకు నిజమే. ఆ ముళ్లు మాత్రం మీకు రావనుకుంటాను. ఇక గోదారిగట్టు గారూ, ఎనిమిది రొయ్యలతో నూనె చల్లబడి ఉంటుంది. రొయ్యలకు దాదాపు 180 డిగ్రీలు కావాలి. పిండి చుక్క వేస్తే అడుగుకు పోకుండా పైనే చెదరాలి. మూడేసి వేసి, నిమిషంన్నర నుంచి రెండు నిమిషాల్లో తీయండి. పెద్ద బుడగలు చిన్నవై, చప్పుడు సన్నబడడమే గుర్తు. తేలిన పలుకులు ఏరేసి, నూనె మళ్లీ కాగాకే తర్వాతి విడత. పిండి కూడా రెండు విడతలుగా కలుపుకోండి.

లెక్కలమాస్టారు: అంటే ముప్పై సెకన్లు వేయించి, తీసి, మళ్లీ వేయాలా?

ఒసాకా వంటిల్లు: అది కరాగే అనే జపాన్ కోడి వేపుడుకు చేసే పద్ధతి. ఇక్కడ విడత చిన్నది, ముంచేది ఒక్కసారే.

గోదారిగట్టు: నిన్న మూడేసి వేశాను. పైభాగం బ్రహ్మాండం, అడుగు మళ్లీ మెత్తబడింది. కాగితం మీద ఒకదానిపై ఒకటి పేర్చాను, తప్పు అదేనా?

మిరపబజ్జీ: జల్లెడ మీద విడివిడిగా పెట్టండి. బజ్జీలకు మేము చేసేది అదే.