బాబు పుట్టాక మా ఆవిడ మారిపోయింది. అలసటా, దూరమా?

పటమట నాన్న: మాకు ఐదు నెలల బాబు. తెనాలి నుంచి, అంటే వాళ్ళ పుట్టింటి నుంచి, మూడో నెలలో తీసుకొచ్చాం. అప్పట్నుంచీ నాతో మాట అంటే "డైపర్లు అయిపోయాయి", "పాలబ్బాయికి చెప్పు", అంతే. ఇదివరకు నా బండి చప్పుడు వినగానే టీ పెట్టేది. ఇప్పుడు తల కూడా ఎత్తదు. భుజం మీద చెయ్యి వేస్తే పక్కకి జరుగుతుంది. అడిగితే అలసట అంటుంది. నిజంగా అలసటేనా, నా మీద మనసు విరిగిందా?

భవానీపురం బ్రో: డాక్టర్లు ఎలాగూ ఆరు వారాలు ఆగమంటారు కదా అన్నా. ఇంకొంచెం ఓపిక పట్టు.

పటమట నాన్న: నేనడిగేది అది కాదు తమ్ముడూ. అసలు మాటలే లేవంటున్నాను.

సింగ్‌నగర్ మామ్మ: పాలిచ్చే తల్లికి మొగుడి మీద ధ్యాస ఉండదు నాయనా. పాలు మాన్పిస్తే అదే సర్దుకుంటుంది.

అరండల్‌పేట అక్క: మామ్మగారు చెప్పింది సగం నిజం. పాలిస్తున్నన్నాళ్ళూ ఒంట్లో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటుంది. కోరిక తగ్గుతుంది, కలయిక నొప్పిగా కూడా ఉండొచ్చు. రోజంతా బిడ్డ ఒంటినంటుకునే ఉంటాడు కాబట్టి ఇంకొకరు ముట్టుకుంటేనే చిరాకు. కానీ పాలివ్వడం వల్ల మాటలు ఆగిపోవు. నేను ప్రసూతి వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా చేశాను, మూడు సంగతులు చెప్పు బాబూ. రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది? బాబు పడుకుంటే తను పడుకోగలుగుతోందా? నీతో కాకుండా మిగతావాళ్ళతో ఎలా ఉంటోంది?

పటమట నాన్న: పన్నెండుకి, రెండున్నరకి, మళ్ళీ ఐదుకి. అన్నిటికీ తనే. నాకు పొద్దున షిఫ్టు, హాల్లో పడుకుంటాను. మధ్యాహ్నం బాబుతోపాటు నిద్రపోతుందని మా అమ్మ చెప్పింది. చెల్లెలితో ఫోన్లో నవ్వుతుంది. నేను గదిలోకి వెళ్తే ఆపేస్తుంది.

అరండల్‌పేట అక్క: అలసట మనిషిని చూసి రాదు, అందరి దగ్గరా ఒకేలా ఉంటుంది. చెల్లెలి దగ్గర నవ్వి నీ దగ్గర ఆపేస్తోందంటే అలసటతోపాటు నీ మీద ఏదో ఉంది. అయితే నిద్రలేని మనిషిని కూర్చోబెట్టి అడిగితే గొడవే అవుతుంది. ముందు వారం రోజులు నిద్ర ఇవ్వు. పడుకోబోయే ముందు పాలు పిండి, మన ఎండల్లో బయట ఉంచకుండా వెంటనే ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టమను. పన్నెండింటికి నువ్వు లే. గిన్నెని వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చన చేసి ఉగ్గుగిన్నెతో పట్టు. రెండున్నర దాకా తనని లేపకు. మొదట్లో రొమ్ములు గట్టిపడి తనే లేవొచ్చు, అప్పుడు కాస్త పిండేస్తే సరి. ఈలోగా హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించు. కాన్పయిన ఏడాదిలోపు థైరాయిడ్ తేడా చేస్తే ఎంత పడుకున్నా నీరసం పోదు.

బ్రాడీపేట అమ్మాయి: నాది దీనికి పూర్తిగా వేరు. పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు, ఫ్యాన్ వంక చూస్తూ పడుకునేదాన్ని. పాపని ఎత్తుకున్నా ఏమీ అనిపించేది కాదు. మా ఆయన పొగరనుకున్నారు. డాక్టరు దగ్గర కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ ఉందేమో చూసే ఎడిన్‌బరో ప్రశ్నలు పది, గడిచిన వారం గురించి, నింపితే ముప్పైకి పంతొమ్మిది వచ్చింది. మందులతో తగ్గింది, పాలు మాన్పించలేదు.

అరండల్‌పేట అక్క: ఇది మాత్రం అలసటా కాదు, మొగుడి మీద దూరమూ కాదు, జబ్బు. ఆ పదో ప్రశ్న తనకి తాను హాని చేసుకోవాలనిపించిందా అని. దానికి "ఎప్పుడూ లేదు" అని కాక వేరే ఏ జవాబు వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాలి. రాత్రిపూట మాట్లాడాలన్నా టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

పటమట నాన్న: తొమ్మిది రోజులైంది. రెండో రాత్రి సగం పాలు ఒలకబోశాను, వాడు ఏడ్చి తనని లేపేశాడు. తర్వాత పర్వాలేదు. హిమోగ్లోబిన్ 9.4 ఉంది, మాత్రలు రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది. మొన్న తనే చెప్పింది. ఆపరేషనైన మూడో రోజు కుట్ల నొప్పికి లేవలేకపోతుంటే మా అమ్మ "మేం కనలేదా" అందట, నేను నవ్వానట. నాకు అసలు గుర్తే లేదు.

అరండల్‌పేట అక్క: ఆ "గుర్తు లేదు" అన్న మాట తన దగ్గర అన్నావా?

పటమట నాన్న: అనేశాను.

అరండల్‌పేట అక్క: అయ్యో. తను మర్చిపోలేనిది నువ్వు మర్చిపోయానన్నావు. "నేను నవ్వినప్పుడు నీకెలా అనిపించింది" అని అడిగి, చెప్పినంతసేపూ మధ్యలో అమ్మని వెనకేసుకురాకుండా విను. ఒక్కసారితో అయ్యేది కాదు.

భవానీపురం బ్రో: అమ్మగారిని కొన్నాళ్ళు ఊరికి పంపెయ్ అన్నా.

పటమట నాన్న: అమ్మ వెళ్తే పగలు బాబుని చూసేదెవరు? నిన్న అక్క చెప్పినట్టే అడిగాను. ఏడ్చింది. చెయ్యి వేస్తే మాత్రం ఇంకా జరుగుతూనే ఉంది.

సింగ్‌నగర్ మామ్మ: ఇంతకీ బాబుకి ఉగ్గు మొదలెట్టారా?

అరండల్‌పేట అక్క: ఆరో నెల నిండాకే మామ్మగారూ.