"మీకెందుకు శ్రమ" అంటే పెద్దాయన ఎందుకు నొచ్చుకున్నాడు?

కడప నుంచి, అడిగినవారు: మా పక్కింటి తాతకు 76 ఏళ్లు. పొద్దున నేను గేటు తీస్తే చాలు, స్కూటర్ స్టార్ట్ చేసి "రాప్పా, ఏడు రోడ్ల కాడ దింపుతా" అంటాడు. ఈ మధ్య ఎదురొచ్చే ఆటో కూడా ఆయనకు దగ్గరికొచ్చేదాకా కనబడటం లేదు. వెనక కూర్చోవాలంటే నాకు టెన్షన్. నిన్న "వద్దు తాతా, మీకెందుకు శ్రమ" అన్నాను. "ముసలోడినైపోయినాననా?" అని బండికి స్టాండేసి లోపలికి పోయాడు. రాత్రి నిద్ర పట్టలేదు. మర్యాదగానే అన్నాను కదా!

కర్నూలు సభ్యుడు: "వద్దు" మొరటు మాట. "అక్కర్లేదండీ" అనుంటే సరిపోయేది.

అనంతపురం, రిటైరైన తెలుగు టీచరు: వట్టి "వద్దు" కటువే, అంతవరకు నిజం. కానీ "అక్కర్లేదు"లో ఉన్నది అక్కర. సాయానికి వచ్చిన మనిషితో "నీతో అవసరం లేదు" అన్నట్టే. పైగా రోజూ తాతా అని పిలిచే నోట 'అండీ' వస్తే, ఈ పిల్లోడికి కోపమొచ్చిందేమో అనుకుంటాడు.

అసలు ముల్లు "మీకెందుకు శ్రమ"లో ఉంది. పాతికేళ్ల కుర్రాడితో అంటే అది మర్యాదే. ఈ వయసు మనిషికి మాత్రం "నీకు చేతకాదు" అని వినిపిస్తుంది. కారణాన్ని మీ వైపు తిప్పుకోండి: "ఈ పొద్దుకు నడిచి పోతాలే తాతా, నడవకుంటే నాకు ఒళ్లు పట్టేస్తాంది." ఇందులో 'వద్దు' లేదు. "ఈ పొద్దుకు"లోని 'కు' ఆ మాటను ఒక్క రోజుకే కడుతుంది, రేపటి పిలుపు ఆయన చేతిలోనే ఉంటుంది. 'లే' మెత్తన చేస్తుంది, కానీ నడుస్తూ విసురుగా అంటే అదే విసుగైపోతుంది. కాసేపు నిలబడి చెప్పండి. వెళ్లేటప్పుడు "పోయొస్తా" అనండి, ఉత్త "పోతా" అనొద్దు.

ధర్మవరం సభ్యురాలు: మా వీధి అవ్వ నా చేతిలో బిందె లాక్కుంటుంది. "నేను మోస్తాలే అవ్వా, నువ్వు తలుపు పట్టుకో" అంటాను. తలుపు పట్టుకుని సంతోషంగా నిలబడుతుంది.

అడిగినవారు: నడక మాట రెండు రోజులు నిలుస్తుంది. మూడో రోజు నేను ఆటో ఎక్కడం చూస్తే?

టీచరు: అందుకే నిజంగా నడవండి, లేకుంటే ఆ కారణం చెప్పొద్దు. ధర్మవరం అమ్మాయి చెప్పినట్టు ఆయన చేయగలిగిన పని ఒకటి అడగండి: "నేను లేనప్పుడు పార్సిల్ వస్తే తీసి పెడతావా తాతా?" చూపు సంగతి మాత్రం మాట ఒడుపుతో తీరదు. వాళ్ల కొడుకు చెవిన వేయాల్సిందే.

కర్నూలు సభ్యుడు: కొడుకుతో చెబితే తాతకు ఇంకా చిన్నతనం కాదా?

అడిగినవారు: నన్ను ఆపుతున్నదీ అదే. కొడుకుతో ఎలా అనాలో ఇంకా తోచలేదు. రేపు పొద్దున మాత్రం "ఈ పొద్దుకు" అని, నడిచే పోతాను.