సైట్ అప్పగించాక క్లయింట్ మాయం, ఇంకా 18,000 రావాలి

గుంటూరులో ఒక బట్టల షాపుకి వెబ్‌సైట్ చేశాను. మొత్తం 45,000. అందులో 27,000 ముందే వచ్చాయి, మిగతాది సైట్ లైవ్ అయిన వారంలో ఇస్తానని ఓనరే వాట్సాప్‌లో రాశాడు. ఆగస్టు 4న లైవ్ చేసి అదే రోజు ఇన్‌వాయిస్ మెయిల్ చేస్తే "సూపర్ బ్రో" అని రిప్లై ఇచ్చాడు, అంతే, మనిషి లేడు.

ఆరు వారాలైంది. మెసేజ్‌లకి బ్లూ టిక్‌లు పడతాయి, ఫోన్ ఎత్తడు, వేరే నంబర్ నుంచి చేస్తే నా గొంతు వినగానే కట్ చేశాడు. షాపుకి వెళ్తే సార్ ఊళ్లో లేరన్నారు (బండి మాత్రం బయటే ఉంది).

అగ్రిమెంట్ రాసుకోలేదు, చాట్, బ్యాంకు ఎంట్రీలే ఆధారం. డొమైన్ అతని పేరు మీద, హోస్టింగ్ నా అకౌంట్‌లో. సైట్ ఆపేస్తే తిరిగి నా మీదే కేసు పెడతాడేమోనని టెన్షన్. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు చెప్పండి, ముందు లాయర్ నోటీసు పంపాలా, లేక గడువు చెప్పి సైట్ ఆపేయొచ్చా?